ఒకసారి అంగం గట్టిపడకపోతే, ఆ భయమే మళ్లీ మళ్లీ ఎందుకు అడ్డుపడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున నిద్ర లేచేసరికి అంగం గట్టిగానే ఉంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడూ ఏ ఇబ్బందీ ఉండదు. భార్య పక్కన చేరేసరికి మాత్రం మెత్తబడిపోతుంది. ఈ పేజీ ముఖ్యంగా అలాంటివాళ్ల కోసం, వాళ్ల భార్యల కోసం. షుగర్, గుండె జబ్బుల వల్ల వచ్చే సమస్య వేరు. దాన్ని ఎలా గుర్తుపట్టాలో కూడా మధ్యలో చెప్పాను.

నాకు కోరిక ఉంది, భార్య అంటే ఇష్టమూ ఉంది. అయినా అంగం ఎందుకు గట్టిపడటం లేదు?

అంగం లోపల స్పాంజిలాంటి రెండు గొట్టాలు ఉంటాయి. మామూలు సమయంలో వాటి గోడల్లోని కండరం బిగుసుకుని ఉంటుంది కాబట్టి రక్తం కొద్దిగానే వస్తుంది. కోరిక కలిగినప్పుడు వెన్నుపాము కింది భాగం నుంచి వచ్చే నరాలు అక్కడ నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయి. దాంతో ఆ కండరం వదులై, స్పాంజి నిండా రక్తం చేరుతుంది. నిండిన స్పాంజి చుట్టూ ఉన్న సిరలను నొక్కేయడం వల్ల రక్తం వెనక్కి పోదు. అలా గట్టిపడుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అంగం గట్టిపడాలంటే లోపలి కండరం వదులవ్వాలి. అది బిగుసుకుంటే అంగం మెత్తబడుతుంది. భయం చేసే పని సరిగ్గా ఈ బిగించడమే. రోడ్డు మీద కుక్క వెంటపడితే గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది, చేతులు చల్లబడతాయి. అప్పుడు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ అంగంలోని కండరాన్ని కూడా బిగిస్తాయి. ప్రాణం కాపాడుకోవాల్సిన సమయంలో శరీరం రక్తాన్ని అక్కడికి పంపదు. ‘ఇవాళ కూడా అవ్వకపోతే?’ అనే ఆలోచనకూ మీ ఒళ్లు అలాగే స్పందిస్తుంది. ఎదురుగా ఉన్నది కుక్కా, మీ మనసులోని మాటా అనే తేడా ఆ నరాలకు తెలియదు.

చెయ్యి ఎత్తాలనుకుంటే ఎత్తగలం. కానీ నిద్ర పట్టాలని పట్టుబడితే ఉన్న నిద్ర కూడా పోతుంది. అంగం గట్టిపడటం కూడా నిద్రలాంటిదే, బలవంతం చేస్తే రాదు.

ఒక్క రాత్రి జరిగింది నెలల తరబడి ఎలా సాగుతుంది?

చాలామంది చెప్పే మాటలను కలిపి ఒక జంటను ఊహించుకుందాం. అబ్బాయికి 29 ఏళ్లు, ఏ జబ్బూ లేదు. పెళ్లి పనులతో మూడు రోజులుగా సరైన నిద్ర లేదు. శోభనం గదిలో పూలు, పళ్లు, పాలగ్లాసు అన్నీ అమర్చారు. తలుపు అవతల బంధువులు తిరుగుతున్నారు. లోపల ఉన్న అమ్మాయితో అతను విడిగా మాట్లాడింది మొత్తం కలిపితే పది గంటలు కూడా ఉండదు. ఆ రాత్రి కొంచెం గట్టిపడి, సరిగ్గా కలయిక సమయానికి మెత్తబడిపోయింది.

ఇంతవరకు ఇది అలసట, కొత్తదనం. ఎవరికైనా జరుగుతుంది. భయం తిప్పే చక్రం మొదలైంది మర్నాడు. స్నేహితులు ఆటపట్టిస్తుంటే నవ్వాడు గానీ లోపల ‘నాలో ఏదో లోపం ఉంది’ అని నిర్ణయించేసుకున్నాడు. రెండో రాత్రి ముద్దు పెట్టుకుంటున్నప్పుడే ధ్యాసంతా కిందకి పోయింది. గట్టిపడిందా, ఎంత గట్టిపడింది, ఉంటుందా? కాస్త గట్టిపడగానే ‘పోకముందే కానిచ్చేయాలి’ అని తొందరపడ్డాడు. ఆ తొందరలో మళ్లీ పోయింది. ఇలా ఆదరాబాదరాగా చేసేవాళ్లలో కొందరికి వీర్యం కూడా త్వరగా పడిపోతుంది. దాంతో ఒక సమస్య రెండు అనిపిస్తుంది.

మూడు వారాలకు అతను తప్పించుకోవడం నేర్చుకున్నాడు. ఆఫీసు పని ఉందని ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. ఆమె నిద్రపోయాకే మంచం ఎక్కేవాడు. ఆ రాత్రికి గండం గడిచినట్టు హాయిగా ఉండేది. చక్రాన్ని అన్నిటికంటే బలంగా తిప్పేది ఈ హాయే. తప్పించుకున్న ప్రతిసారీ ‘అక్కడ నిజంగానే ప్రమాదం ఉంది’ అని మెదడు నేర్చుకుంటుంది. ఆమె వైపు నుంచి చూస్తే భర్త దగ్గరికే రావడం లేదు. తను నచ్చలేదేమో అనుకుని గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఆ వీపు చూసి అతనికి ఇంకాస్త భయం. ఇంతలో ఫోన్లో అత్తగారు ‘విశేషం ఏమైనా ఉందా?’ అని అడుగుతారు.

మొదట జరిగింది అలసట వల్ల. ఇప్పుడు జరుగుతున్నది భయం వల్ల. అందుకే బాగా నిద్రపోయి లేచినా, సెలవులకు ఊటీ వెళ్లినా తగ్గడం లేదు.

ఇది మనసు వల్లో, ఒంట్లో జబ్బు వల్లో ఎలా తెలుస్తుంది?

ఎప్పుడు పనిచేస్తోంది, ఎప్పుడు పనిచేయడం లేదు అన్నది చూడాలి. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో, ముఖ్యంగా కలలు వచ్చే దశలో, రాత్రికి మూడు నుంచి ఐదు సార్లు అంగం గట్టిపడుతుంది. పొద్దున మెలకువ వచ్చినప్పుడు కనిపించేది అందులో చివరిది. నిద్రలో భయం ఉండదు కాబట్టి అప్పుడు బాగా గట్టిపడుతోందంటే రక్తనాళాలు, నరాలు చాలావరకు బాగున్నట్టే. సమస్య ఉన్నట్టుండి మొదలైనా, ఒంటరిగా ఉన్నప్పుడు లేకపోయినా, ఒక్కో రోజు బాగుండి ఒక్కో రోజు లేకపోయినా ఎక్కువగా టెన్షనే కారణం.

నెలలు, సంవత్సరాల మీద మెల్లగా తగ్గుతూ వచ్చి, పొద్దున్నా లేక, ఒంటరిగా ఉన్నప్పుడూ లేకపోతే ఒంట్లో కారణం వెతకాలి. పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ, బీపీ, కొలెస్ట్రాల్, పొద్దునపూట తీసిన రక్తంలో టెస్టోస్టిరాన్ చూపించుకోండి. అంగానికి వెళ్లే ధమనులు గుండె ధమనులకంటే సన్నగా ఉంటాయి. పూడిక మొదలైతే ముందు ఇక్కడే తెలియవచ్చు, గుండె లక్షణాలు కొన్నేళ్ల తర్వాత బయటపడవచ్చు. నలభై దాటినవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు, ఇంట్లో షుగర్ చరిత్ర ఉన్నవాళ్లు ‘టెన్షన్‌లే’ అని వదిలేయకూడదని నేను గట్టిగా చెబుతాను. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. షుగర్ వల్ల స్తంభన, అంటే అంగం గట్టిపడటం, కొంచెం తగ్గితే అది చూసి భయం పుడుతుంది, ఆ భయం మిగిలింది పాడుచేస్తుంది.

బీపీకి, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు కూడా ఈ ఇబ్బంది తెస్తాయి. మందు మొదలుపెట్టాకే సమస్య వచ్చిందనిపిస్తే ఆ డాక్టర్‌కే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

‘దాని గురించి ఆలోచించకు’ అంటారు. ఎలా ఆలోచించకుండా ఉండేది?

అలా ఉండలేరు. ఆ సలహా ఎవరికీ పనిచేయదు.

అమెరికాలో విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ స్థితిని బాగా పట్టుకున్నారు. మంచం మీద ఉండాల్సిన మనిషి మంచం పక్కన నిలబడి తనను తానే చూస్తూ మార్కులు వేసుకుంటుంటాడని 1970లో రాశారు. తర్వాత 1980లలో డేవిడ్ బార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక పరీక్ష చేసింది. శృంగార దృశ్యాలు చూస్తున్నప్పుడు మగవాళ్ల ధ్యాసను సంబంధం లేని ఇంకో విషయం మీదికి మళ్లించారు. సమస్య లేనివాళ్లలో స్తంభన తగ్గింది. సమస్య ఉన్నవాళ్లలో మాత్రం తగ్గలేదు. ఎందుకంటే వాళ్ల ధ్యాస ముందునుంచే అక్కడ లేదు, భయం మీద ఉంది.

అంటే ధ్యాసను ఖాళీ చేయక్కర్లేదు, దానికి ఒక చోటు ఇవ్వాలి. ఆ చోటు చర్మం. ఆమె భుజం మీద మీ అరచేయి ఉంటే అక్కడ వెచ్చగా ఉందా చల్లగా ఉందా, మెత్తగా ఉందా, గాజులు ఎక్కడ తగులుతున్నాయి, ఆమె ఊపిరి ఎలా ఉంది, ఇవి చూడండి. ధ్యాస మళ్లీ కిందకి పోతుంది. పోయిందని తెలియగానే తిరిగి అరచేతి దగ్గరికి తీసుకురండి. పది నిమిషాల్లో నలభై సార్లు పోయినా ఫర్వాలేదు. తిరిగి తెచ్చుకోవడమే ఇక్కడ సాధన.

ఈ చక్రం తెగాలంటే వరుసగా ఏం చెయ్యాలి?

మాస్టర్స్, జాన్సన్‌లు రూపొందించిన స్పర్శ సాధననే ఇప్పటికీ చాలామంది సెక్స్ థెరపిస్టులు కొద్ది మార్పులతో చేయిస్తారు. మొదటి షరతు వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. కొన్ని వారాలపాటు కలయిక పూర్తిగా నిషేధం. అంగం ఎంత గట్టిపడినా సరే. ఇద్దరూ కూర్చుని పగటిపూట మాట్లాడుకుని ఒప్పుకోవాలి. దీని వెనకున్న తర్కం సులువే. పరీక్షే రద్దయితే తప్పే ప్రశ్న ఉండదు.

మొదటి రెండు వారాలు వారానికి రెండు మూడు సార్లు, ఒక్కొక్కరికి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. తలుపు గడియ వేసి, ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. ఉమ్మడి కుటుంబమైతే అందరూ గుడికో పెళ్లికో వెళ్లిన సమయం చూసుకోవడం మేలు. చెవి బయట చప్పుళ్ల మీద ఉంటే ఒళ్లు వదులవ్వదు. ఒకరు తాకుతారు, ఒకరు ఊరికే పడుకుంటారు, తర్వాత మారతారు. తల, మెడ, వీపు, చేతులు, పాదాలు. రొమ్ములు, జననాంగాలు ఇప్పుడు తాకకూడదు. ఎదుటివాళ్లకు సుఖం ఇవ్వాలనే బాధ్యత కూడా లేదు, తాకేవాళ్లు తమ చేతికి ఏం తెలుస్తోందో చూసుకుంటే చాలు. ఏదైనా నచ్చకపోతే అక్కడే చెప్పాలి.

తర్వాతి రెండు వారాల్లో ఒళ్లంతా తాకవచ్చు, జననాంగాలతో సహా. అయితే నేరుగా అక్కడికే వెళ్లడం కాదు. మోకాలిని తాకినట్టే దాన్నీ తాకి ముందుకు వెళ్లిపోవాలి. గట్టిపడితే గట్టిపడింది, లేకపోతే లేదు.

ఆ తర్వాతి మెట్టు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. తాకుతుండగా అంగం గట్టిపడుతుంది. అప్పుడు కావాలనే ఆపేయండి. ఇద్దరూ పక్కపక్కన పడుకుని మాట్లాడుకోండి. ఒకటి రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది. అలా పూర్తిగా పోనివ్వండి. మళ్లీ తాకడం మొదలుపెడితే కాసేపటికి తిరిగి వస్తుంది. ఒక పూటలో రెండు మూడు సార్లు ఇలా చేయండి. భయపడే మనిషి ‘పోతే ఇక రాదు’ అని నమ్ముతాడు, అందుకే ఉన్నప్పుడే తొందరపడతాడు. పోవడమూ రావడమూ మామూలేనని కళ్లారా చూశాక ఆ తొందరకు పని ఉండదు. నిజానికి సమస్య లేనివాళ్లకు కూడా ఒక్క కలయికలో అది పలుమార్లు తగ్గి పెరుగుతుంది. వాళ్లు గమనించరు, అంతే.

ఇది కుదిరాక కలయిక. ఆమె పైన ఉండి, తనే మెల్లగా లోపలికి తీసుకుంటే మంచిది. కాసేపు ఇద్దరూ కదలకుండా ఉండండి. మెత్తబడితే బయటికి వచ్చి ముందటి మెట్టులాగే తాకడం కొనసాగించండి. తర్వాత కొద్దిగా కదలండి. వీర్యం పడాలనే లక్ష్యం ఇంకా వద్దు. మొత్తానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు అనుకోండి, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది.

ఊహించుకున్న జంట దగ్గరికి వద్దాం. మొదటి వారం అతనికి ఏమీ కాలేదు, విసుగు మాత్రం వచ్చింది. రెండో వారం ఆమె వీపు తాకుతుండగా తెలియకుండానే గట్టిపడింది. అక్కడే తప్పు జరిగింది. ‘వచ్చింది కదా, ఈ ఒక్కసారికి’ అని నిషేధం దాటారు. వెంటనే పాత ప్రశ్నలన్నీ తిరిగొచ్చి మెత్తబడిపోయింది. ఈ సాధన చెడేది ఎక్కువగా ఇక్కడే. వాళ్లు ఒక మెట్టు వెనక్కి వెళ్లి, జననాంగాలు తాకని సాధనే ఇంకో వారం చేశారు. ఈసారి గట్టిపడినప్పుడల్లా ఆమే నవ్వి చేయి తీసేసేది. ఐదో వారంలో అది మూడుసార్లు పోయి మూడుసార్లు వచ్చింది. ఏడో వారంలో కలిశారు.

పెళ్లికి ఇంకా నెల ఉంది. ముందే ఒకసారి ఎక్కడైనా పరీక్షించుకుంటే ధైర్యంగా ఉంటుంది కదా?

వద్దు. ఇష్టం లేని చోట, తెలియని మనిషి దగ్గర, పట్టుబడతామనే భయంతో, డబ్బు ఇచ్చి గడియారం చూసుకుంటూ చేసే ఆ పని స్తంభనకు అన్నివిధాలా ప్రతికూలం. అక్కడ విఫలమై ఆ భయాన్ని పెళ్లిదాకా మోసుకొచ్చేవాళ్లు ఉన్నారు. సుఖవ్యాధుల ప్రమాదం సరేసరి. రోజూ ఒంటరిగా చేసుకుని ‘పనిచేస్తోందా’ అని చూసుకోవడం కూడా పరీక్షే. దానికి బదులు కాబోయే భార్యతో మాటలు పెంచుకోండి. శోభనం రాత్రే కలవాలని రూలేమీ లేదని ఇద్దరూ ముందే అనుకోగలిగితే ఆ గదిలో ఉండే ఒత్తిడి సగం తగ్గుతుంది. కండోమ్ వాడాలనుకుంటే తొడుక్కోవడం ముందే ఒంటరిగా అలవాటు చేసుకోండి. దాన్ని విప్పి తొడిగే ఆ అర నిమిషంలోనే చాలామందికి మెత్తబడుతుంది.

హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడి ఇలా అయిందంటున్నారు. నిజమేనా?

కాదు. హస్తప్రయోగం వల్ల నరాలు చెడవు, అంగం కుదించుకుపోదు, వీర్యం తరిగిపోదు. ‘నరాల బలహీనత’ అని రైలు పట్టాల పక్కన గోడల మీద రాసే మాట మన దగ్గర వేలమందిలో ఈ భయాన్ని నాటింది. వీర్యం పోతే బలం పోతుందనే ఈ ఆందోళనకు మన దేశపు మానసిక వైద్యులు ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరే పెట్టారు. చేసిన ‘తప్పు’కు శిక్ష పడుతోందని నమ్మే మనిషికి మంచం మీద భయం రెట్టింపవుతుంది. హాని చేసేది ఆ నమ్మకమే.

మాత్ర వేసుకుంటే సరిపోదా?

కొందరికి ఉపయోగపడుతుంది, కానీ డాక్టర్ చూసి రాయాలి. వయాగ్రా పేరుతో తెలిసిన సిల్డెనాఫిల్‌ను సాధారణంగా 50 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, దాదాపు గంట ముందు వేసుకోవాలి. అది కోరికను పుట్టించదు. కోరిక వల్ల మొదలైన పనిని నిలబెడుతుంది, అంతే. అందుకే భయంతో బిగుసుకుపోయినవాడు మాత్ర వేసుకుని గడియారం చూస్తూ కూర్చుంటే పనిచేయకపోవచ్చు. పనిచేయకపోతే ‘మాత్రకే లొంగలేదు’ అని భయం ఇంకా ముదురుతుంది. పొట్ట నిండా బిర్యానీ తిని వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది, దాన్నీ తన లోపమే అనుకుంటారు. ఇలాంటిదే మరో మందైన టడలాఫిల్ ప్రభావం 36 గంటల దాకా ఉండొచ్చు కాబట్టి గడియారం ఒత్తిడి తక్కువ. స్పర్శ సాధనతో పాటు కొన్ని వారాలు మాత్ర వాడి మెల్లగా తగ్గించడం మంచి పద్ధతి. ఒక్క మాత్రనే నమ్ముకుంటే, అది జేబులో లేని రోజు కొత్త భయం మొదలవుతుంది.

గుండెనొప్పికి నైట్రేట్ మందులు, నాలుక కింద పెట్టుకునేవైనా మింగేవైనా, వాడేవాళ్లు ఈ మందుల జోలికి వెళ్లకూడదు. బీపీ ప్రాణాపాయంగా పడిపోతుంది. అంగం నాలుగు గంటలు దాటినా మెత్తబడకపోతే సిగ్గుపడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ‘మూలికల మాత్ర’ అని పేరు లేకుండా అమ్మే వాటిలో ఇదే సిల్డెనాఫిల్ మోతాదు తెలియకుండా కలిపినవి ఎన్నోసార్లు పట్టుబడ్డాయి.

ఇంకో మాట. ధైర్యం కోసం రెండు పెగ్గులు వేసుకోవడం భయాన్ని కొంచెం తగ్గించినా, స్తంభనను కూడా తగ్గిస్తుంది.

ఆయనకు నేను నచ్చలేదేమోనని బాధగా ఉంది. భార్యగా నేనేం చెయ్యాలి?

ఇలాంటి చోట చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు. మీ దగ్గర ఓడిపోకూడదనే తపన ఎక్కువైనందుకే ఆయనకు భయం ఎక్కువ. అయినా మీ బాధ నిజమే, దాన్ని మింగుకోనక్కర్లేదు. ఆయనకు చెప్పండి, అయితే మంచం మీద కాదు. కాఫీ తాగుతూనో, బండి మీద వెళ్తూనో చెప్పండి. ‘నువ్వు దూరంగా పడుకుంటే నాకు ఒంటరిగా ఉంటోంది, కలవకపోయినా సరే దగ్గరగా ఉండు’ అంటే ఆయనకు ఒక బరువు దిగుతుంది.

మెత్తబడిన వెంటనే ‘ఏమైంది?’ అని అడగొద్దు. దాన్ని ఎలాగైనా లేపాలని పట్టుదలగా ప్రయత్నించొద్దు, ఆయనకు అది రెండో పరీక్షలా ఉంటుంది. ‘ఫర్వాలేదులే’ అని జాలిగా అటు తిరగడం కూడా గుచ్చుకుంటుంది. ఆగకుండా ముద్దో మాటో కొనసాగించండి. మీకు సుఖం కావాలంటే చేతులతో, నోటితో కూడా దొరుకుతుంది, ఆ సంగతి ఆయనకు తెలియడమే సగం మందు. అంతా అంగం మీదే ఆధారపడి లేదని అర్థమవుతుంది.

పిల్లల కోసం డాక్టర్ చెప్పిన తేదీల్లో తప్పక కలవాలి. ఆ రోజే కావడం లేదు.

తేదీ పెడితే ఎవరికైనా పరీక్షలాగే ఉంటుంది. వీర్యకణాలు భార్య ఒంట్లో ఐదు రోజుల దాకా బతకగలవు. కాబట్టి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందున్న ఐదు రోజులు, ఈ ఆరు రోజుల్లో ఎప్పుడు కలిసినా అవకాశం ఉంటుంది. ఆ ఒక్క రాత్రినే పట్టుకోకుండా ఆ వారంలో రోజు విడిచి రోజు అనుకోండి. కొందరు భార్యలు తేదీ తమ దగ్గరే ఉంచుకుని భర్తకు చెప్పరు, అదీ బాగానే పనిచేస్తుంది. పైన చెప్పిన సాధన చేస్తున్నంత కాలం పిల్లల ప్రయత్నం రెండు నెలలు వాయిదా వేయగలిగితే మేలు. వయసు రీత్యా వీలుకాకపోతే మీ ఫెర్టిలిటీ డాక్టర్‌కు విషయం చెప్పండి, వాళ్లకు ఇది కొత్త కాదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఏమని చెప్పాలి?

ఒంట్లో కారణం ఉందేమో చూడటానికి యూరాలజిస్ట్ లేదా జనరల్ ఫిజీషియన్. రిపోర్టులు బాగుంటే సైకియాట్రిస్ట్ లేదా సెక్స్ థెరపీలో శిక్షణ ఉన్న సైకాలజిస్ట్. డాక్టరైతే ఎంబీబీఎస్ తర్వాత పీజీ ఉందో లేదో చూసుకోండి, గ్యారంటీ కోర్సు అని వేలకు వేలు ముందే కట్టించుకునేచోట ఆగొద్దు. ‘మూడు నెలలుగా భార్య దగ్గర అంగం నిలవడం లేదు, పొద్దున మాత్రం బాగానే ఉంటోంది’ అని ఒక్క వాక్యం చెబితే చాలు, మిగతాది డాక్టరే అడుగుతారు. రెండోసారికి భార్యను కూడా తీసుకెళ్లండి.

అంతా బాగైందనుకున్నాక మళ్లీ ఒక రోజు అలాగే అయితే?

అవుతుంది. జ్వరం వచ్చిన వారంలోనో, ఆఫీసులో గొడవైన రోజో, ఇంట్లో ఎవరికైనా బాగోలేనప్పుడో అవుతుంది. ఆ రాత్రి మంచం దిగి వెళ్లిపోకండి, క్షమాపణలు చెప్పకండి, ఇంకోసారి ప్రయత్నిద్దామని పట్టుబట్టకండి. ‘ఇవాళ ఒళ్లు అలిసినట్టుంది, కాసేపు వీపు నిమురు’ అని అడగండి. ఆమె చేయి వీపు మీద ఎక్కడ తిరుగుతోందో చూస్తూ పడుకోండి. మర్నాడు రుజువు చేసుకోవడానికి తొందరపడొద్దు. వరుసగా మూడు నాలుగు సార్లు అలాగే అయితే మళ్లీ రెండు వారాలు కలయిక మానేసి, మొదటి మెట్టు నుంచి స్పర్శ సాధన మొదలుపెట్టండి. ఈసారి దారి తెలిసినదే కాబట్టి మొదటిసారి పట్టినంత కాలం పట్టకపోవచ్చు.